రీచార్జ్ డబ్బు కట్ అయింది, టీవీ రాలేదు: ఎవరిని అడగాలి?

ప్రశ్న: లాయరు గారూ, చీపురుపల్లి దగ్గర పల్లెలో ఉండే మా నాన్నగారి డీటీహెచ్‌కి ఈ నెల 4న రాత్రి ఫోన్‌లోంచి యూపీఐలో 1,850 రూపాయలు కట్టాను. బ్యాంకులో కట్ అయింది గానీ యాప్‌లో 'పెండింగ్' అని ఉండిపోయింది. పది నిమిషాలు చూసి మళ్లీ 1,850 కట్టాను. ఈసారి 'సక్సెస్' అంది. ఇవాళ 16. టీవీ మాత్రం రాలేదు, విసుగొచ్చి నాన్నగారు ప్లగ్ పీకేశారు. డీటీహెచ్ వాళ్లు మాకేమీ రాలేదంటారు, యాప్ వాళ్లు ఇచ్చేశామంటారు. ఎవరి మీద కేసు వెయ్యాలి? స్క్రీన్‌షాట్లు పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: స్క్రీన్‌షాట్లు చూశాను. కేసు సంగతి తర్వాత. ముందు ఈ రెండు చెల్లింపుల్నీ విడదీయండి. మీరు ప్రతి ఫోన్‌లోనూ "3,700 పోయింది, టీవీ రాలేదు" అని కలిపి చెప్పారు. అవతలివాళ్లు ఒక చెల్లింపు చూసి జవాబిచ్చారు, మీరు రెండోది మనసులో పెట్టుకుని విన్నారు. నిజానికి మొదటి 1,850 ఆగింది ఒక చోట, రెండోది ఆగింది ఇంకో చోట. వాటికి వర్తించే నిబంధనలు వేరు, జవాబు చెప్పాల్సిన వాళ్లూ వేరు.

ఇలాంటి డబ్బు ఎక్కడ ఆగుతుందో తెలియాలంటే వాళ్ల లెక్కలు ఎలా సాగుతాయో కాస్త తెలియాలి. మీరు పిన్ కొట్టగానే మీ బ్యాంకు డబ్బు తీసి యూపీఐ ద్వారా యాప్ తరఫు బ్యాంకుకు పంపుతుంది. అక్కడ అందినట్టు కబురు వచ్చాక, యాప్ తన ఆర్డర్‌ను డీటీహెచ్ కంపెనీకి పంపుతుంది. చాలాసార్లు నేరుగా కాదు, భారత్ బిల్‌పే ద్వారానో మరో మధ్యవర్తి సంస్థ ద్వారానో. కంపెనీ తన పుస్తకంలో జమ వేసి, ఒక రిఫరెన్స్ నంబరు వెనక్కి ఇస్తుంది. ఇదంతా సెకన్లలో జరగాలి. మధ్యలో ఏ ఒక్కరి నుంచి కబురు ఆలస్యమైనా 'పెండింగ్' పడుతుంది. పెండింగ్ అంటే డబ్బు పోయిందనీ కాదు, చేరిందనీ కాదు. అవతలి నుంచి జవాబు ఇంకా రాలేదని మాత్రమే.

ఆ తేలని లెక్కను తర్వాత తేలుస్తారు. మన ఊళ్లో పాత షావుకారు రాత్రి దుకాణం కట్టేసి చిట్టానూ ఆవర్జానూ పక్కపక్కన పెట్టి పద్దులు టిక్కు పెట్టేవాడు చూడండి, సరిగ్గా అదే పని. దీన్నే రీకన్సిలియేషన్ అంటారు. ఇక్కడ పుస్తకాలు మూడు: బ్యాంకుల మధ్య చేతులు మారిన సొమ్ము జాబితా, యాప్ ఆర్డర్ల జాబితా, డీటీహెచ్ కంపెనీ జమల జాబితా. మూడింటిలోనూ ఉన్న పద్దు సరిపోయినట్టు. బ్యాంకు జాబితాలో ఉండి కంపెనీ జమల్లో లేనిది వెనక్కి ఇవ్వాల్సిన పద్దు. కంపెనీ జమల్లో ఉండి యాప్‌లో పెండింగ్ అని ఉన్నదాన్ని సక్సెస్‌గా మారుస్తారు. కాబట్టి మొదటి 1,850 గురించి అడిగే ముందు ఒక సంగతి చూసుకోండి. డీటీహెచ్ ఖాతాలో బ్యాలెన్స్ ఎంత ఉంది? ఆలస్యంగా ఆ పద్దు కూడా సక్సెస్ అయిపోయి రెండూ అక్కడే జమై ఉండొచ్చు. అలా అయితే బ్యాంకును రీఫండ్ అడగడంలో అర్థం లేదు, ఆ డబ్బు ముందు నెలల చందాకు ఉపయోగపడుతుంది.

జమ కాలేదనుకుందాం. మీ మొదటి స్క్రీన్‌షాట్‌లో పెండింగ్ అన్న మాట ఉన్నది పేమెంట్ దగ్గర, రీచార్జ్ దగ్గర కాదు. ఈ తేడా చాలా పెద్దది. ఖాతాలో డబ్బు కట్ అయి, అమ్మేవాడి దగ్గరకు నిర్ధారణ చేరకపోతే దానికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ వర్తిస్తుంది. లావాదేవీ జరిగిన రోజు కాక ఐదు రోజుల్లోగా ఆ సొమ్ము తనంతట తానే వెనక్కి రావాలి. రాకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం. ఫిర్యాదు చేసేదాకా ఆగకుండా, దాన్ని వాళ్లంతట వాళ్లే మీ ఖాతాలో వెయ్యాలని కూడా ఆ సర్క్యులర్‌లోనే ఉంది.

మీ లెక్క వేద్దాం. కట్టింది 4న. ఐదు రోజుల గడువు 9తో ముగిసింది. ఆలస్యం 10 నుంచి మొదలు. ఇవాళ 16 కనుక ఏడు రోజులు, 700 రూపాయలు. అంటే ఇవాళ జమ చేసినా 1,850తో పాటు 700 కలిపి 2,550 రావాలి. రేపటికి ఇంకో వంద పెరుగుతుంది. స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి, అసలు ఈపాటికే వెనక్కి పడి, మీరు గమనించకపోయి ఉండొచ్చు. పడకపోతే యాప్‌లో ఆ లావాదేవీ తెరిచి అక్కడే ఫిర్యాదు పెట్టండి, మీ బ్యాంకు శాఖకూ రాసి ఇవ్వండి. కాగితంలో తేదీ, మొత్తం, 12 అంకెల యూటీఆర్ నంబరు ఉండాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, మీకు నచ్చని జవాబిచ్చినా cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దానికి ఫీజు లేదు.

రెండో 1,850కి మాత్రం ఈ వంద రూపాయల లెక్క పనికిరాదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్యాంకు దృష్టిలో ఆ చెల్లింపు సక్సెస్, డబ్బు చేరాల్సిన ఖాతాకు చేరింది. మీ రసీదులో పేమెంట్ సక్సెస్, రీచార్జ్ సక్సెస్ రెండూ ఉన్నాయి, కింద చిన్న అక్షరాల్లో ఆపరేటర్ రిఫరెన్స్ నంబరు కూడా ఉంది. ఆ నంబరును మీరు గమనించినట్టు లేదు. మీరు రాసిన వివరాల్లో ప్రతిచోటా యూటీఆర్ నంబరే ఉంది. కస్టమర్ కేర్‌కీ అదే చెప్పి ఉంటారు. యూటీఆర్ బ్యాంకుల మధ్య నడిచే నంబరు. డీటీహెచ్ కంపెనీ జమల పుస్తకంలో అది సాధారణంగా కనబడదు. అందుకే వాళ్లు వెతికి "రాలేదు" అన్నారు. ఈసారి ఆపరేటర్ రిఫరెన్స్ నంబరు, నాన్నగారి కస్టమర్ ఐడీ చెప్పండి. ఐడీని యాప్ రసీదులోంచి ఒక్కో అంకె చదివి, బాక్స్‌లో ఉన్న దానితో సరిచూడండి. గతంలో బొబ్బిలి నుంచి వచ్చిన ఒక కక్షిదారు నాలుగు నెలలు తిరిగాక తేలింది, ఒక్క అంకె తప్పుపడి ఆయన డబ్బుతో ఎవరింట్లోనో టీవీ నడిచింది. అంకె మనమే తప్పు కొడితే చట్టం మనకు పెద్దగా తోడు రాదు.

ఐడీ సరిగ్గా ఉంటే నా అనుమానం ఆ పీకేసిన ప్లగ్ మీద. డబ్బు జమైతే చాలదు. ఛానళ్లు తెరవమనే ఆదేశం ఉపగ్రహం ద్వారా బాక్స్‌లోని కార్డు నంబరుకు వస్తుంది. ఆ వేళకు బాక్స్ ఆన్‌లో ఉండి సిగ్నల్ అందుకుంటూ ఉండాలి. ఆదేశాన్ని కొంతకాలం పదేపదే పంపుతారు, తర్వాత ఆపేస్తారు. మీ నాన్నగారు అప్పటికే ప్లగ్ తీసేసి ఉంటే ఆ బాక్స్‌కి ఏమీ తెలియదు. బాక్స్ ప్లగ్ పెట్టి, ఏదో ఒక ఛానల్ మీద అరగంట వదిలేసి, అప్పుడు ఫోన్ చేసి 'రిఫ్రెష్' పంపమనండి. తెర మీద ఏం రాస్తోందో నాన్నగారిని చదవమనండి. ఛానల్ మీ ప్యాక్‌లో లేదని చెప్పే సందేశం వేరు, సిగ్నల్ లేదని చెప్పేది వేరు. రెండోదైతే ఇంటి మీది డిష్ గొడుగు కదిలిందేమో చూడాలి, అది రీచార్జ్ సమస్యే కాదు.

ఇవన్నీ చేశాక కూడా కంపెనీ "మాకు రాలేదు" అంటే, ఇక అది మీరు మోయాల్సిన బరువు కాదు. కంపెనీ తన తరఫున డబ్బు తీసుకునే అధికారం యాప్‌కో మధ్యవర్తికో ఇచ్చింది. భారత కాంట్రాక్టు చట్టం 226వ సెక్షన్ కింద చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: యజమాని తరఫున సొమ్ము తీసుకునే అధికారమున్న ఏజెంటుకు చెల్లిస్తే, యజమానికి చెల్లించాల్సిన బాకీ తీరినట్టే. ఏజెంటు దగ్గర్నుంచి వసూలు చేసుకోవడం కంపెనీ పని. "యాప్‌ను అడగండి" అన్నప్పుడు ఈ మాట రాతలో పెట్టండి.

డీటీహెచ్ కంపెనీకి ఫిర్యాదు చేసినప్పుడు ఫిర్యాదు నమోదైనట్టు ఇచ్చే డాకెట్ నంబరు తప్పక అడిగి రాసుకోండి. అది లేని ఫోన్ కాల్ చెయ్యనట్టే లెక్క. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017 నిబంధనల ప్రకారం బిల్లింగ్ ఫిర్యాదును 7 రోజుల్లో పరిష్కరించాలి, రీఫండ్ ఇవ్వాల్సి ఉంటే ఫిర్యాదు అందిన 30 రోజుల్లోగా ఇవ్వాలి. అలా పరిష్కారం కాకపోతే పై మెట్టుగా కంపెనీ నోడల్ అధికారికి రాయండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయండి. ఇంత సొమ్ముకు అక్కడే తేలిపోవడం నేను చూశాను.

తేలకపోతే విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ముంబైలో ఉన్నా, ఢిల్లీలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదీ ఉండే చోటే వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, గడువు రెండేళ్లు. డీటీహెచ్ కంపెనీని, యాప్ సంస్థను ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చండి, ఒకర్నే చేరిస్తే రానివాళ్ల మీద నెట్టేస్తారు. బ్యాంకును మాత్రం మొదటి చెల్లింపు విషయంలోనే చేర్చాలి. కనెక్షన్ నాన్నగారి పేరున ఉంటే ఫిర్యాదులో ఆయన పేరూ ఉండాలి.

ఒక్క జాగ్రత్త చెప్పకుండా ఉండలేను. రీఫండ్ కోసం నెట్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చెయ్యకండి. నంబరు యాప్‌లోంచో, బాక్స్‌తో వచ్చిన కాగితం మీద నుంచో తీసుకోండి. డబ్బు వెనక్కి రావడానికి మీ యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టమన్నా, ఫోన్‌లో ఏదైనా యాప్ వేసుకోమన్నా ఆ ఫోన్ పెట్టేయండి.

ఇవాళ చెయ్యాల్సింది: 4వ తేదీ నుంచి ఇవాళ్టి దాకా స్టేట్‌మెంట్ తీసుకోండి, రెండు రసీదులూ ప్రింటు తీయండి, ప్లగ్ పెట్టాక తెర మీద వచ్చే సందేశాన్ని తేదీతో సహా ఫోటో తీయమని నాన్నగారి దగ్గర ఎవరికైనా చెప్పండి. రిఫ్రెష్ తర్వాత కూడా టీవీ రాకపోతే ఆ మూడూ పట్టుకుని నోడల్ అధికారికి రాయండి, ఆ ఉత్తరం నకలు నాకు పంపండి.