పండగ రోజే బంగారం కొంటానంటున్న చెల్లికి

షార్జా
2026 జనవరి 8

చిట్టీ,

బుజ్జి పెళ్ళి జూన్ చివర్లో, నిజ జ్యేష్ఠంలో అని పిన్ని ఫోను చేసి చెప్పింది. ఆ కబురు నాకంటే ముందు పిన్నికి ఎందుకు చేరిందో తరువాత తేల్చుకుందాం. నిన్నగాక మొన్న గౌను వేసుకుని నా చుట్టూ తిరిగిన పిల్లకు కాసులపేరు కొలత అడుగుతున్నారంటే నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ సంతోషంలో ఉండగానే పిన్ని రెండో మాట కూడా చెప్పింది. చీటీ డబ్బు, నగల దుకాణంలో నెలనెలా కడుతున్న స్కీము డబ్బు అన్నీ కలిపి, అక్షయ తృతీయ రోజున ఒక్కసారిగా మొత్తం బంగారం కొనాలని నీ ఆలోచనట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక మాట. మన చిన్నప్పుడు అక్షయ తృతీయ అంటే సింహాచలంలో చందనోత్సవం, అమ్మ ఎవరికో ఒకరికి నీళ్ళ కుండ దానమివ్వడం. అంతే. ఆ రోజు బంగారం కొన్నట్టు నాకు గుర్తే లేదు. అమ్మ బంగారం కొన్నది ఎప్పుడూ ధాన్యం డబ్బు చేతికి వచ్చాకే. ఆచారిగారి అరుగు మీద కూర్చుని, త్రాసు ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూసేది. ఆ చూపు నీకు రాలేదు, నాకే వచ్చిందని నాన్న అనేవారు. నువ్వు కోప్పడినా సరే, ఈ ఒక్క విషయంలో నాన్న మాట నిజం.

ఇప్పుడు మా చిన్నాడపడుచు సంగతి చెబుతాను. నీకు కొంత తెలుసు, అసలు లెక్క తెలియదు. తను 2024 డిసెంబరులో ఒక దుకాణంలో పదకొండు నెలల స్కీములో చేరింది. నెలకు పది వేలు. పదకొండు వాయిదాలు మనం కడితే పన్నెండోది వాళ్ళు కలుపుతారు. అప్పటికి 22 క్యారెట్ల బంగారం గ్రాము 7,200 చుట్టూ ఉంది. కట్టడం మొదలుపెట్టాం కాబట్టి ఆ ధరకు బంగారం మనదైపోయినట్టేనని తన నమ్మకం. పుస్తకంలో ప్రతి నెలా రూపాయలు రాస్తున్నారే తప్ప గ్రాములు రాయడం లేదని ఒక్కసారి కూడా గమనించలేదు.

ఆ ఏడాది బంగారం ఎలా పరిగెత్తిందో నీకూ తెలుసు. ఏప్రిల్లో మేలిమి బంగారం పది గ్రాములు లక్ష దాటింది. అక్టోబరు 18న ధనత్రయోదశి నాటికి 22 క్యారెట్లది గ్రాము పన్నెండు వేల దగ్గరికి వచ్చింది. తను ఆ రోజు కోసమే ఆగి, ఆ రోజే వెళ్ళింది. చేతిలో ఉన్నది లక్షా ఇరవై వేలు, వచ్చింది పది గ్రాములు. అదే దుకాణంలో, అదే పది వేలకు, ఏ నెల కట్టింది ఆ నెల ధరకు గ్రాములుగా జమ చేసే స్కీము మరొకటి ఉంది. దానిలో చేరి ఉంటే, దుకాణం వాళ్ళు పన్నెండో వాయిదా కలపకపోయినా పన్నెండు గ్రాములు దాటేది. ఉచితంగా ఇచ్చారనుకున్న పది వేల వెనక రెండు గ్రాములకు పైగా పోయింది.

అక్కడితో అయిందా, కాలేదు. ఇలాంటి స్కీములు పదకొండు నెలలకే ఎందుకు ఆపుతారంటే, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుకు ఏడాదిలోగా సరుకు ఇచ్చేయాలి, లేకపోతే అది డిపాజిట్ కింద లెక్కకొస్తుంది. అంటే తనకు డిసెంబరు దాకా గడువు ఉంది. ధనత్రయోదశి దాటిన మూడు రోజులకే, మంగళవారం నాడు, ప్రపంచ మార్కెట్లో బంగారం ఒక్క రోజులో అయిదు శాతానికి పైగా పడింది. పది రోజుల్లో మన దగ్గరా గ్రాముకు అయిదారు వందలకు పైగా తగ్గింది. మళ్ళీ డిసెంబరుకల్లా ఎక్కింది. ఎప్పుడు పడుతుందో తనకు తెలిసే వీలు లేదు, నాకూ లేదు. కానీ పండగ పేరు చెప్పి తన చేతిలో ఉన్న గడువును తనే వదులుకుంది. ఆ రాత్రి తొమ్మిదింటికి బిల్లు చేతికి వచ్చేసరికి, వెనక నిలబడ్డ వాళ్ళ తోపులాటలో నగకు కట్టిన చీటీ కూడా చదవలేదు. చీటీ మీద మూడు అంకెలు ఉంటాయి: మొత్తం బరువు, రాళ్ళ బరువు, రాళ్ళు తీసేసిన నికర బరువు. బంగారం ధర కట్టాల్సింది మూడోదానికే. దేనికి కట్టిందో తనకు ఇప్పటికీ తెలియదు. బిల్లు పోగొట్టుకుంది.

కాబట్టి ఈ ఉత్తరం పక్కన పెట్టి నీ స్కీము పుస్తకం తీయి. ప్రతి వాయిదా పక్కన గ్రాములు రాసి ఉంటే నీకు బెంగ లేదు. ధర ఎక్కినా దిగినా ఆ గ్రాములు నీవే, నెమ్మదిగా ఎప్పుడైనా తీసుకో. రూపాయలే రాసి ఉంటే మాత్రం ఏప్రిల్ దాకా నువ్వు కూడబెడుతున్నది బంగారం కాదు, డబ్బు. ధర పెరిగినంత మేరా అది కరుగుతుంది. ఎప్పటికి పూర్తవుతుందో, ఆఖరి గడువు ఏ తేదీనో అడిగి నాకు చెప్పు.

చీటీ డబ్బుకు మాత్రం దారి ఉంది. చాలా దుకాణాల్లో కొంత అడ్వాన్సు కడితే ఆ రోజు ధరకు బుక్ చేస్తారు. తీసుకునే రోజున ధర తగ్గితే తగ్గినదే వేస్తారు, పెరిగితే బుక్ చేసిన ధరే. ఇది నోటి మాటగా వద్దు. ఎంత బరువుకు, ఎన్ని రోజులకు, రెండింటిలో తక్కువ ధరకేనా, నగ నచ్చకపోతే డబ్బు తిరిగి ఇస్తారా, ఇవన్నీ రసీదు మీద రాయించుకో. మొత్తం ఒకే రోజు బుక్ చేయకు. మూడు భాగాలు చేసి ఫిబ్రవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, ఏప్రిల్లో ఒకటి చెయ్యి. ఒక దాంట్లో పోయినా మరొక దాంట్లో సర్దుకుంటుంది. ఈలోగా నాణేలు కొని దాచి, తరువాత దుకాణంలో ఇచ్చి నగకు మార్చుకుంటాననే ఆలోచన ఉంటే మానుకో. నాణెం మీద మూడు శాతం జీఎస్టీ, మళ్ళీ నగ మీద మూడు శాతం, రెండుసార్లు కట్టుకోవాలి.

ధర గురించి ఇంత చెప్పాను గానీ నా అసలు భయం తరుగు. దాన్ని అడిగేవాళ్ళే లేరు. బుజ్జి కాసులపేరు 40 గ్రాములు అనుకో, గ్రాము 12,500 అనుకో. బంగారం విలువ అయిదు లక్షలు. తరుగు 18 శాతం వేస్తే 90 వేలు, 12 శాతం వేస్తే 60 వేలు. మధ్యలో ముప్పై వేలు, దాని మీద జీఎస్టీ మరో తొమ్మిది వందలు. ఆ డబ్బు ధరలో కలిసి రావాలంటే బంగారం గ్రాముకు ఆరు వందలకు పైగా పడాలి. అది ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. తరుగు తగ్గించడం మాత్రం నీ నోట్లో ఉంది, మనుషులు లేని దుకాణంలో కూర్చుని అడిగితే. అక్షయ తృతీయ నాడు ఎవరు వింటారు నీ మాట? తరుగులో పాతిక శాతం తగ్గింపు అని బ్యానరు కడతారు. దేనిలో పాతిక శాతం? ఇరవై నాలుగు వేసి పాతిక శాతం తగ్గిస్తే పద్దెనిమిదే కదా. కాబట్టి తగ్గింపు ఎంత అని అడగకు, తగ్గించాక నికరంగా ఎంత శాతం అని అడుగు.

ఇప్పుడు శుక్ర మూఢం నడుస్తోంది, ఫిబ్రవరి మధ్య దాకా ముహూర్తాలు లేవు. దుకాణాలవాళ్ళు తీరికగా మాట్లాడే రోజులు ఇవే. మూఢంలో బంగారమా అని మీ అత్తగారు అంటారు, తెలుసు. కొనవద్దు, చూడు. నమూనా ఎంచుకో, రెండు మూడు చోట్ల తరుగు రాయించుకో. డబ్బు కట్టేది ఫాల్గుణంలో మంచి రోజు చూసుకుని కట్టు, ఆవిడా సంతోషిస్తారు. అధిక జ్యేష్ఠంలో, అంటే మే 17 నుంచి జూన్ 15 దాకా, మళ్ళీ దుకాణాలు ఖాళీగా ఉంటాయి గానీ అప్పుడు చేయించడానికి ఇస్తే పెళ్ళికి అందకపోవచ్చు. గాజులు, చెవి జతల్లాంటి తయారు నగలకు ఆ నెల ఉంచుకో.

అక్షయ తృతీయ నాడు అసలు వెళ్ళవద్దని కాదు. ఈసారి అది ఏప్రిల్ 19, ఆదివారం. బ్యాంకులు ఉండవు, ప్రపంచ మార్కెట్ కూడా మూసే ఉంటుంది. ఒక గ్రాము నాణెం కొని దేవుడి దగ్గర పెట్టు, బుజ్జి చేత్తోనే కొనిపించు. సెంటిమెంటుకు అది చాలు.

మిగతావి ఒక్కొక్క మాటలో చెబుతాను. ప్రతి నగ మీద బీఐఎస్ గుర్తు, 22కె916, ఆరక్షరాల హెచ్‌యూఐడీ ఉండాలి. ఆ ఆరక్షరాలను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడు. తరువాత ముద్ర వేయించి ఇస్తామంటే తీసుకోవద్దు. రెండు లక్షలు, ఆ పైన నగదు ఇవ్వకూడదు, వాళ్ళు తీసుకోకూడదు; చీటీ డబ్బు బ్యాంకులో వేసి అక్కడి నుంచే పంపు. పాన్ కార్డు తీసుకెళ్ళు.

అక్క వచ్చేటప్పుడు షార్జా నుంచే తేవచ్చు కదా అని అన్నావట. 2024 జులై 23న దిగుమతి సుంకం 15 నుంచి 6 శాతానికి దించినప్పటి నుంచి ఆ తేడా చాలా తగ్గింది. పైగా విమానాశ్రయంలో సంచులు విప్పి లెక్కలు చెప్పే ఓపిక నాకు లేదు. నా సొంత గాజులు రెండు బుజ్జికి ఇస్తాను. అవి నువ్వు లెక్కలో వేసుకోకు, అవి పెద్దమ్మవి.

ఒంటరిగా వెళ్ళకు, మరిదిగారిని వెంట తీసుకెళ్ళు. ఆయనకు బంగారం తెలియకపోయినా ఫరవాలేదు, బిల్లులో కూడికలు బాగా చూస్తారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు వద్దు, కారు మాట్లాడుకోండి. ఆ మూడు వందల దగ్గర లోభించావని తెలిస్తే ఊరుకోను. నీకు బీపీ మాత్ర వేసుకోవడం గుర్తుండదు, నగల దుకాణంలో నాలుగు గంటలు కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. తిని వెళ్ళు.

ఆదివారం సాయంత్రం ఫోను చేస్తాను. అప్పటికి స్కీము పుస్తకం మొదటి పేజీ, ఆఖరి పేజీ ఫోటోలు తీసి పంపు. షరతులు వెనక అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, అది కూడా తియ్యి. కళ్ళద్దాలు లేకుండా తీసి మసగ్గా పంపకు.

మీ అక్క