చేలో స్టార్టర్ డబ్బా, ల్యాబ్‌లో 8085 కిట్టు

ప్రశ్న: మైక్రోప్రాసెసర్‌కీ మైక్రోకంట్రోలర్‌కీ తేడా ఏంటండీ? బయట వస్తువుల్లో ఎక్కడ చూసినా మైక్రోకంట్రోలరే ఎందుకుంటుంది? మాది గుంటూరు, ఈసీఈ ఫైనలియర్. పొలం మోటారుకి ఆటో స్టార్టర్ ప్రాజెక్టు అనుకుంటున్నాం. ల్యాబ్‌లో 8085 కిట్టుంది, దాంతో చేస్తే సరిపోదా?

8085తో చేయొచ్చు, రివ్యూలో మార్కులూ పడతాయి. ఆ డబ్బానే తీసుకెళ్లి మిరప చేలో కరెంటు స్తంభానికి బిగిస్తే మాత్రం ఎక్కువ రోజులు నిలవదు. ఎందుకు నిలవదో తెలిస్తే మీరడిగిన తేడా అందులోనే తేలిపోతుంది. పరీక్షలో రాసే రెండు కాలమ్‌ల పట్టికతో అది తేలదు.

ముందు ఆ డబ్బా పనేంటో చూడండి. 5 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు నడిచేటప్పుడు సుమారు 7, 8 ఆంపియర్లు లాగుతుంది. నేరుగా స్టార్ట్ చేసిన క్షణంలో దానికి ఆరు రెట్ల దాకా లాగుతుంది. ఒక ఫేజు పోతే మోటారు కాలకముందే ఆపాలి, బోరులో నీళ్లు తగ్గితే ఆపాలి. చాలామంది మూడు ఫేజుల వోల్టేజి చూస్తే చాలనుకుంటారు. చాలదు. నడుస్తున్న మోటారుకి ఒక ఫేజు పోయినా, తిరుగుతున్న రోటరు వల్ల ఆ ఖాళీ వైండింగులోనూ వోల్టేజి పుడుతుంది. మీ డబ్బాకి మూడు ఫేజులూ ఉన్నట్టే కనబడుతుంది. అందుకే మూడు వైర్లకీ కరెంటు కొలిచే సీటీలు వేసి కరెంటు కూడా చూడాలి. నీళ్లు లేనప్పుడూ తెలిసేది కరెంటు వల్లే: మామూలుగా లాగేదానిలో 60, 70 శాతానికి పడి కొన్ని సెకన్లు అక్కడే ఉంటే డ్రై రన్ కింద లెక్క. కచ్చితమైన అంకె మాత్రం ఆ బోరు దగ్గరే సెట్ చేసుకోవాలి.

అంటే మూడు వోల్టేజిలు, మూడు కరెంట్లు, మొత్తం ఆరు అనలాగ్ ఇన్‌పుట్లు. 28 కాళ్ల ఏటీమెగా328పి అనే మైక్రోకంట్రోలర్ చిప్పులో ఏడీసీ ఇన్‌పుట్లు సరిగ్గా ఆరే ఉంటాయి. 16 మెగాహెర్ట్జ్ క్లాకుని 128తో భాగిస్తే ఒక్కో రీడింగుకి 104 మైక్రోసెకన్లు పడుతుంది. ఆరూ వరసగా చదివినా, 20 మిల్లీసెకన్ల ఒక సైకిల్‌లో ఒక్కోదానికి దాదాపు 32 శాంపిళ్లు వస్తాయి. ఈ పనికి అవి ధారాళం. ప్రోగ్రాముకి 32 కేబీ ఫ్లాష్, 2 కేబీ ర్యామ్, సెట్టింగులు దాచుకోవడానికి 1 కేబీ ఈఈప్రామ్, టైమర్లు, ప్రోగ్రాము ఇరుక్కుంటే రీసెట్ చేసే వాచ్‌డాగ్, అన్నీ ఆ ఒక్క చిప్పులోనే.

ఇదే 8085 మైక్రోప్రాసెసర్‌తో అయితే అడ్రసు విడదీయడానికి ఒక లాచ్, ప్రోగ్రాముకి 2764 ఈప్రామ్, 6264 ర్యామ్, పోర్టులకి 8255, ఏడీసీ0809, డీకోడరు, టైమరుకి 8254. ఎనిమిది చిప్పులైనా సెట్టింగులు దాచుకోవడానికి ఇంకా చోటు లేదు. అందరూ ఇక్కడ ఖర్చు లెక్కేసి ఆగిపోతారు. నాకు ఖర్చు కన్నా ఎక్కువ భయం ఆ చిప్పుల మధ్య బోర్డు మీద బయటే పరిగెత్తే డేటా లైన్లంటే. పక్కనే మోటారుని ఆన్ ఆఫ్ చేసే కాంటాక్టరు ఉంటుంది, దాని కాయిల్ వదిలినప్పుడల్లా ఒక స్పైకు కొడుతుంది. ప్రాసెసరు ఈప్రామ్ నుంచి ఒక బైటు తెచ్చుకునే క్షణంలో ఒక్క బిట్టు తారుమారైందనుకోండి. ల్యాబ్‌లో కోడ్లు కంఠస్థం చేసే ఉంటారుగా: `MOV M,A` అంటే 77, `HLT` అంటే 76. తేడా చివరి బిట్టు ఒక్కటే. ర్యామ్‌లో ఒక విలువ రాయాల్సిన చోట ప్రాసెసరు నిద్రపోతుంది. ఇంటరప్టో రీసెట్టో వచ్చేదాకా లేవదు. రిలే ఆన్‌లోనే ఉంటుంది, నీళ్లు లేని బోరులో మోటారు తిరుగుతూనే ఉంటుంది. మైక్రోకంట్రోలర్‌లో ఈ లైన్లన్నీ కొన్ని మిల్లీమీటర్ల సిలికాన్ లోపలే అయిపోతాయి. స్పైకు పట్టుకోవడానికి బయట అంత పొడవు తీగ ఉండదు.

ఇక అసలు గొడవ కరెంటుది. లైను చివరి పొలాల్లో మోటారు స్టార్టయ్యే క్షణంలో వోల్టేజి దబ్బున పడుతుంది. 7805 లోపలికి కనీసం 7 వోల్టులు అందకపోతే బయటికి 5 రాదు. సున్నాకి పడిపోయినా నయమే, శుభ్రంగా రీసెట్ అవుతుంది. మూడున్నర దగ్గర ఊగిసలాడినప్పుడే ప్రమాదం. 8085 రీసెట్ కాలికి మనం పెట్టే రెసిస్టరు, కెపాసిటరు జత వోల్టేజి ఇలా కాస్త పడినప్పుడు రీసెట్ ఇవ్వదు, కెపాసిటరు పూర్తిగా ఖాళీ కాదు కాబట్టి. ప్రాసెసరు ఆగదు, అలాగని సరిగ్గానూ నడవదు.

మైక్రోకంట్రోలర్‌లో దీనికి బ్రౌనవుట్ డిటెక్టరు ఉంటుంది, వోల్టేజి ఒక హద్దు కన్నా పడితే అదే రీసెట్ ఇస్తుంది. ఉంటే సరిపోదు, సరిగ్గా సెట్ చేయాలి. ఇదే చిప్పున్న ఆర్డుయినో ఊనో బోర్డులో అది 2.7 వోల్టుల దగ్గర పెట్టి వస్తుంది. కానీ ఈ చిప్పు 16 మెగాహెర్ట్జ్‌లో నమ్మకంగా నడవాలంటే సుమారు 3.8 వోల్టులుండాలి. అంటే 3.8కీ 2.7కీ మధ్య చిప్పు ఏం చేస్తుందో దానికే తెలీదు. ఆ సందులోనే ఈఈప్రామ్‌లో పిచ్చి విలువలు పడతాయి. "సెట్టింగులు వాటంతటవే మారిపోతున్నాయి" అని రైతు ఫోన్ చేస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. 4.3 వోల్టులకి మార్చేయండి:

```
avrdude -c usbasp -p m328p -U efuse:w:0xFC:m
```

ఇంకొకటి మరిచిపోవద్దు. రీసెట్‌లో ఉన్నంతసేపూ చిప్పు కాళ్లన్నీ ఇన్‌పుట్లుగా తేలుతుంటాయి. రిలే ట్రాన్సిస్టరు బేసు నుంచి గ్రౌండుకి ఒక 10 కే రెసిస్టరు పెట్టకపోతే, ఆ కాసేపట్లో రిలే టకటకలాడొచ్చు.

"మరి రాస్‌బెర్రీ పై పెడితే?" అని ఈ మధ్య ప్రతి బ్యాచీ అడుగుతోంది. అందులో ఉన్నది ప్రాసెసరే; ర్యామూ ప్రోగ్రామూ దాని బయటే. అనలాగ్ ఇన్‌పుట్ ఒక్కటీ లేదు. కరెంటు వచ్చాక లినక్స్ లేవడానికే పదుల సెకన్లు, ఈ చిప్పు మిల్లీసెకన్లలో లేస్తుంది. పొలంలో కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు, రాస్తుండగా పోతే ఎస్‌డీ కార్డు పాడవుతుంది. కెమెరా పెట్టి మిరప ఆకు తెగులు గుర్తించాలన్నా, పెద్ద స్క్రీన్ నడపాలన్నా అప్పుడు ప్రాసెసరే కావాలి, 2 కేబీ ర్యామ్‌లో ఒక ఫొటో కూడా పట్టదు. రిలే ఒకటి నడపడానికి అది తెచ్చి, రివ్యూలో లినక్స్ గురించి ఉపన్యాసం ఇవ్వడం మాత్రం నాకు నచ్చదు.

చేసే పనైతే, రీసెట్ ఎందుకైందో రాసుకునే ఈ ఐదు లైన్లు ప్రోగ్రాము మొదట్లోనే పెట్టండి:

```c
uint8_t r = MCUSR;
MCUSR = 0;
if (r & (1 << PORF))      log_reset('P');
else if (r & (1 << BORF)) log_reset('B');
else if (r & (1 << WDRF)) log_reset('W');
```

`log_reset` అంటే ఆ అక్షరాన్ని ఈఈప్రామ్‌లో రాసే ఫంక్షను, మీరే రాసుకోవాలి. `P` అంటే కరెంటు కొత్తగా వచ్చింది, `B` అంటే బ్రౌనవుట్, `W` అంటే వాచ్‌డాగ్. ఆర్డుయినో బూట్‌లోడరు `MCUSR`ని ముందే చెరిపేస్తుంది కాబట్టి ప్రోగ్రామరుతో నేరుగా ఎక్కించండి. తర్వాత కాంటాక్టరుని ఓ యాభైసార్లు ఆన్ ఆఫ్ చేసి లాగ్ చూడండి. `B`లు కనిపిస్తే పవర్ సప్లైలో కెపాసిటరు చాలట్లేదు. `W`లు కనిపిస్తే ప్రోగ్రాము ఎక్కడో ఇరుక్కుంటోంది, ముందు కాంటాక్టరు కాయిల్‌కి అడ్డంగా, స్పైకుని అణిచే స్నబ్బరు వేసి మళ్లీ చూడండి.