సేవ ఆగితే టికెట్ డబ్బు సంగతి

ప్రశ్న: మా ఊరి గుడిలో కల్యాణం టికెట్లు అమ్ముతున్నాము. ఆఖరి నిమిషంలో సేవ రద్దయితే డబ్బు వాపసు, మరో తేదీ గురించి టికెట్ వెనుక ఏమని రాయాలి?

జవాబు: ముందు ‘రద్దు’ అంటే ఏమిటో తేల్చండి, గొడవంతా అక్కడే. గాలివాన వల్ల భక్తులను రానివ్వక, అర్చకులే ఏకాంతంగా కల్యాణం జరిపించారనుకోండి. కార్యాలయం దృష్టిలో సేవ జరిగింది; టికెట్ కొన్నవారి దృష్టిలో జరగలేదు.

ఇక ఎంపిక ఎవరిది? తిరుమలలో వస్త్రం సేవకు 2006లో డబ్బు కట్టిన ఒక భక్తుడికి 2020లో వంతు వస్తే కోవిడ్ అడ్డుపడింది. బ్రేక్ దర్శనమో, డబ్బో తీసుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. 2022లో సేలం వినియోగదారుల కమిషన్ ఏడాదిలోగా ఆ సేవకే తేదీ ఇవ్వాలని, లేదా పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

కాబట్టి ఇలా రాయండి: “సేవ జరగకపోయినా, భక్తులు లేకుండా ఏకాంతంగా జరిగినా, టికెట్ పూర్తి సొమ్ము వాపసు ఇస్తాము, లేదా అదనపు రుసుము లేకుండా ఆరు నెలల్లోగా అదే సేవకు మరో తేదీ ఇస్తాము. ఎంపిక భక్తులదే. 30 రోజుల్లో తెలపకపోతే సొమ్ము వాపసు చేస్తాము.”

శ్రీరామనవమి కల్యాణానికి మాత్రం ఆరు నెలల మాట కుదరదు. అక్కడ ‘వచ్చే ఏడాది కల్యాణానికి’ అని మార్చండి. కౌంటర్‌లో నగదు ఇచ్చినవారి ఫోను నంబరు రసీదు పుస్తకంలో రాసుకోకపోతే, వాపసు ఎవరికి ఇవ్వాలో మీకే తెలియదు.