‘తర్వాత చూద్దాం’ అన్న పీహెచ్‌డీ

మాది తిరుపతి. 2023 ఫిబ్రవరిలో అక్కడే ఎకనామిక్స్‌లో ఫుల్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల కూలి రేట్ల మీద నా పరిశోధన. కోర్సువర్క్ పాసయ్యాను, 140 మందితో ప్రశ్నావళి నింపించాను. 2024 జూన్‌లో మా ఆయనకు బ్యాంకులో ప్రమోషన్ ఇచ్చి శ్రీకాకుళం వేశారు. ‘ముందు వెళ్దాం, నీ చదువు సంగతి తర్వాత చూద్దాం’ అనుకున్నాం. ఏడాదిన్నర దాటింది, ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆయన బ్రాంచి కబుర్లు చెబుతుంటే లోపల రగిలిపోతోంది. బలవంతం చేసి తీసుకురాలేదు కదా, ఏమని అడగను? పాపకు మూడేళ్లు. ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో గెస్టు లెక్చరరుగా రమ్మంటున్నారు. చేరిపోనా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

ఇప్పుడే చేరకండమ్మా. ముందు మీ రిజిస్ట్రేషన్ ఇంకా బతికి ఉందో లేదో తేల్చుకోండి. మీది ఫుల్‌టైమ్ సీటు. యూనివర్సిటీ అనుమతి లేకుండా ఉద్యోగంలో చేరితే, ఇప్పటికే బలహీనంగా ఉన్న మీ కేసుకు ఇంకో లోపం తోడవుతుంది. పార్ట్‌టైమ్‌కు మార్చుకుని చేరే దారి ఉంది కానీ, ముందు అనుమతి కాగితం చేతికి రావాలి.

గడువు గురించి భయం వద్దు. మీరు చేరింది 2023లో కాబట్టి యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు మీకు వర్తిస్తాయి. చేరిన తేదీ నుంచి ఆరేళ్లు, అంటే 2029 ఫిబ్రవరి దాకా మామూలు గడువే. ఆపైన రీ-రిజిస్ట్రేషన్‌తో రెండేళ్లు, మహిళలకు అదనంగా మరో రెండేళ్లు ఇవ్వవచ్చు, మొత్తం పదేళ్లు దాటకూడదు. మీ ప్రమాదమల్లా మధ్యలో వదిలేసిన హాజర్లతోనే. ప్రతి సెమిస్టరుకూ రిసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు పని ఎంతవరకు వచ్చిందో చూపించాలి. పని బాగాలేదనుకుంటే కమిటీ ఏం సరిదిద్దాలో రాసిస్తుంది, అదీ చేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దుకు సిఫారసు చేయవచ్చు. మీరు బహుశా మూడు సెమిస్టర్లు కనిపించలేదు. ఫీజు కూడా కట్టి ఉండరు.

అందుకని ఈ వారంలోనే గైడ్‌కు ఫోన్ చేయండి. ‘సారీ సర్’తో మొదలుపెట్టి కుటుంబ కష్టాలన్నీ చెప్పుకుంటూ పోతే అసలు సంగతి పక్కకు పోతుంది. మూడే అడగండి: నా పేరు రోల్స్‌లో ఉందా, కట్టాల్సిన ఫీజు ఎంత, వచ్చే కమిటీ ఎప్పుడు. తర్వాత గైడ్, విభాగాధిపతి ద్వారా రిజిస్ట్రారుకు ఒక పేజీ లేఖ రాయండి. చేరిన తేదీ, కోర్సువర్క్ పాసైన తేదీ, భర్త బదిలీ వల్ల 2024 జూన్ నుంచి శ్రీకాకుళంలో ఉంటున్న విషయం, బకాయి కట్టి రాబోయే కమిటీకి హాజరయ్యేందుకు అనుమతి కోరడం, ఇంతే. బదిలీ ఉత్తర్వు నకలు జతచేసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి.

మీకు ఎవరో ఒకరు ‘ఎచ్చెర్లలో అంబేడ్కర్ యూనివర్సిటీ ఉంది కదా, అక్కడికి మార్చుకో’ అని చెప్పే ఉంటారు. పెళ్లి వల్లగానీ మరో కారణంతోగానీ ఊరు మారిన మహిళా స్కాలరు తన పరిశోధన డేటాను కొత్త సంస్థకు తీసుకువెళ్లవచ్చని యూజీసీ నిబంధనల్లో ఉన్నమాట నిజం. పాత గైడ్‌కూ, పాత సంస్థకూ రావాల్సిన గుర్తింపు ఇవ్వాలి, ఆ పని వాళ్లు తెచ్చుకున్న నిధుల ప్రాజెక్టులోది కాకూడదు. అయితే ఆ వెసులుబాటు డేటాకు. సీటు దానంతటదే మీ వెంట రాదు. కొత్తచోట మీ సబ్జెక్టులో ఖాళీ ఉన్న గైడ్ దొరకాలి. ప్రవేశ పరీక్ష మళ్లీ రాయాలా, చేరిన తేదీ పాతదే లెక్కిస్తారా అన్నవి ఆ యూనివర్సిటీ రాతపూర్వకంగా చెప్పాలి. పైగా బ్యాంకు వాళ్లు మీ ఆయన్ని రెండు మూడేళ్లలో మళ్లీ కదిలిస్తే మీ ప్రయాస మొదటికొస్తుంది. నా మాట వింటే తిరుపతి సీటునే పట్టుకోండి, అవసరమైతే ఇక్కడి అధ్యాపకుల్లో ఒకరిని కో-గైడ్‌గా అడగండి.

అటక మీద ఉన్న ఆ 140 ప్రశ్నావళులు దింపండి. వాటిలో ఉన్నవి అప్పటి కూలి రేట్లు. ఏ ఏడాదివో స్పష్టంగా రాసుకుంటే చెల్లుతాయి, ‘ప్రస్తుత రేట్లు’ అని రాస్తే వైవాలో దొరికిపోతారు. రోజుకు పది చొప్పున ఎక్సెల్‌లో ఎక్కిస్తే రెండు వారాల పని. ఎక్కిస్తున్నప్పుడు మాసిన అక్షరాలు, ఖాళీ వదిలిన గళ్లు బయటపడతాయి. ఆ మనిషిని మీరు కలిసిన సంగతి ఇంకా గుర్తుండగానే వాటి పక్కన గమనిక రాసుకోండి. ఇంకో ఆలోచన. పలాసలో జీడి పరిశ్రమ ఉంది, పప్పు ఒలిచే పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. గుజ్జు ఫ్యాక్టరీ పని మామిడి కాపును బట్టి కొద్ది నెలలే నడుస్తుంది. రెండో క్షేత్రంగా పలాసను కలిపితే మీ పరిశోధనలో పోలిక వస్తుంది, ఈ ఊరు రావడం వల్ల పనికి ఒక అధ్యాయం దక్కుతుంది. క్షేత్రం మార్పుకు మాత్రం కమిటీ ఒప్పుకోలు ముందే తీసుకోండి.

ఇక మీ ఆయన సంగతి. ‘బలవంతం చేయలేదు కదా’ అన్న చోటే మీరు చిక్కుకుపోయారు. మీరిద్దరూ కలిసి ఒక మాట అనుకున్నారు, అందులో సగం జరిగింది, సగం మిగిలిపోయింది. మిగిలిన సగాన్ని అడగడానికి ఆయన తప్పు చేసి ఉండాల్సిన పనిలేదు. ‘మీవల్ల నా చదువు పోయింది’ అని మొదలుపెడితే ఆయన తాను బలవంతం చేయలేదని వాదించడంలోనే పడతారు, రాత్రి గడిచిపోతుంది, ఏదీ తేలదు. ఆయన బ్యాంకు నుంచి అలసి వచ్చిన వేళ కాకుండా, ఆదివారం పాప పడుకున్నాక క్యాలెండరు ముందు పెట్టుకుని చెప్పండి: ‘2024 జూన్‌లో తర్వాత చూద్దాం అనుకున్నాం. ఆ తర్వాత అన్నది ఏ నెలో ఇప్పుడు రాసుకుందాం.’

ఆయన నుంచి మీకు కావాల్సినవి మూడు. బకాయి ఫీజు, ప్రయాణం ఇంటి ఖర్చులోకి రావాలి, మీ పుట్టింటి నుంచి తెచ్చుకోవడం కాదు. కమిటీకి ఏడాదికి రెండుసార్లు తిరుపతి వెళ్లాలి, రానూపోనూ కలిపి నాలుగేసి రోజులు. ఆ ఎనిమిది రోజులూ ఆయన సెలవు పెట్టి పాపను చూసుకోవాలి. అత్తగారిని పిలిపించడం సులువే. కానీ ఆవిడకు ఒంట్లో బాగోలేదన్న రోజున మీ ప్రయాణం ఆగిపోతుంది, మీ కోపం మళ్లీ మొదలవుతుంది. మూడోది, వచ్చే బదిలీకి ఊళ్ల ప్రాధాన్యాలు ఇచ్చే ముందు ఆ జాబితా మీ ఇద్దరి మధ్యా తయారవ్వాలి.

ఒప్పుకుంటారు, తీరా తేదీ దగ్గరపడ్డాక ‘ఆడిట్ ఉంది’ అంటారు. ఇలా జరగడం చాలా మామూలు. అందుకే కమిటీ తేదీ తెలిసిన రోజునే ఆయన సెలవు దరఖాస్తు, మీ టికెట్టు రెండూ అయిపోవాలి. ఒకసారి తప్పితే తేదీ మార్చుకోండి. రెండోసారీ తప్పితే అది మరిచిపోవడం కిందికి రాదు, పెద్దవాళ్ల సమక్షంలోనో, ఫ్యామిలీ కౌన్సెలర్ దగ్గరో కూర్చుని తేల్చుకోవాల్సిందే. ఈలోగా నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడవచ్చు.

రిజిస్ట్రేషన్ నిలబడి, పార్ట్‌టైమ్‌కు అనుమతి వస్తే గెస్టు ఉద్యోగం సంతోషంగా చేయండి, వారానికి ఎన్ని క్లాసులో ముందే మాట్లాడుకుని. ఒకవేళ రిజిస్ట్రేషన్ రద్దయిందని తెలిస్తే యూజీసీ నెట్ రాయండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకు దానిలో వయోపరిమితి లేదు, మామూలుగా ఏడాదికి రెండుసార్లు పెడతారు. మీ డేటా అప్పుడూ మీదే. కొత్త సీటుకు దరఖాస్తు చేసేటప్పుడు అదే మీ పరిశోధన ప్రతిపాదనకు పునాది అవుతుంది.

కాలేజీ వాళ్లకు ఒక నెల గడువు అడగండి. సోమవారం ఉదయం గైడ్‌కు ఫోన్ చేయండి.