స్టెరాయిడ్ క్రీము ఎంత పూయాలె: పెద్దమ్మ చెప్పే వేలి లెక్క

బిడ్డా,

నువ్వు పంపిన ఫొటో చూసిన. చేతుల మీది ఎగ్జిమాకు నల్లగొండల స్కిన్ డాక్టర్ మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ క్రీము రాసిండు, రోజుకోసారి పల్చగ పూయమన్నడు, పల్చగ అంటే ఎంతనో అర్థం కాలేదన్నవు. స్కిన్ ఓపీల నర్సుగ చేసిన కాబట్టి చెప్తున్న, ఈ ఒక్క మాట కాడనే చానమంది ఆగమయితరు. భయపడేటోళ్లు చుక్కంత పెట్టి మందు పనిజేస్తలేదంటరు, భయం లేనోళ్లు ఇంటిల్లిపాది ముఖాలకు రుద్దుతరు.

దీనికి ఫింగర్‌టిప్ యూనిట్ అని ఒక కొలత ఉంది. నీ చూపుడు వేలు చాపు, కొస కాడి నుంచి మొదటి గీత దాకా ట్యూబ్ నుంచి ఒక వరుస క్రీము వత్తు, అదే ఒక యూనిట్, సుమారు అర గ్రాము. ట్యూబ్ మూతి 5 మిల్లీమీటర్లు ఉంటదనుకొని పెట్టిన లెక్క ఇది, కొన్ని చిన్న ట్యూబుల మూతి సన్నగ ఉంటది, అట్లయితే ఆ గీత దాకా వత్తినా మందు తక్కువే వస్తది, అది చూసుకో. ఈ ఒక్క యూనిట్ రెండు అరచేతులంత చర్మానికి సరిపోతది, అరచేయి అంటే వేళ్లు దగ్గరికి పెట్టి వేళ్లతో కలిపి. అందుకే మచ్చ ఎంతుందో తెల్వాలంటే దాని మీద నీ చేయి ఆనించి చూసుకుంటే చాలు.

ఇగ నీ సంగతి. మణికట్టు నుంచి వేళ్ల దాకా ఒక చేయికి ముందు, వెనక కలిపి ఒక యూనిట్, రెండు చేతులకు రెండు, అంటే రోజుకు ఒక గ్రాము. 15 గ్రాముల ట్యూబ్ నీకు సుమారు 15 రోజులు రావాలె. రెండు నెలలైనా ఇంకా సగముందంటే తక్కువ పూస్తున్నవని, నాలుగు రోజులకే ఖాళీ అయిందంటే ఎక్కువ పూస్తున్నవని లెక్క. మచ్చ వేళ్ల సందులల్లనే ఉంటే గంత కూడా అక్కర్లేదు, మచ్చ ఉన్న కాడ్నే పూయి. రాత్రి బోళ్లు తోముడయినంక పూసుకో, లేకుంటే పూసిన మందంతా సబ్బు నీళ్లల్లనే పోతది. మాయిశ్చరైజర్ కూడా రాసిచ్చిండంటే రెండింటికీ నడుమ ఒక అరగంట గ్యాప్ ఇయ్యి, ఒకదాని మీద ఒకటి పూస్తే స్టెరాయిడ్ పల్చబడ్తది, మచ్చ లేని కాడికి కూడా పాకుతది.

ఒళ్లు సంగతి వేరే. పెద్దోళ్లకు భుజం నుంచి మణికట్టు దాకా ఒక చేయికి 3, ఒక కాలుకు 6, పాదానికి 2, ఛాతీ పొట్ట కలిపి 7, వీపు పిరుదులు కలిపి 7. ఇవి ఆ భాగమంతా మచ్చలుంటేనే, ఒకట్రెండు మచ్చలుంటే మళ్ల అరచేతి లెక్కనే. నీ నాలుగేండ్ల కొడుక్కు మోచేతి మడతలల్ల, మోకాళ్ల ఎనక ఉంది గదా, నాలుగు మచ్చలు కలిపి నీ రెండు అరచేతులంత అయితయనుకో, అన్నిటికీ కలిపి ఒక్క యూనిట్ చాలు. కొలిచేది నీ వేలితోనే, వాని వేలితోని కాదు. కానీ నీ ట్యూబ్ వానికి వాడకు, పిల్లలకు చర్మం పల్చగ ఉంటది, వానికి తగ్గ మందు డాక్టరే రాయాలె.

ముఖం కాడ నాకు నిజంగ భయం. లెక్క ప్రకారం ముఖం, మెడ కలిపి రెండున్నర యూనిట్లు, కానీ అక్కడ ఎంత పూసినవన్నదానికన్నా ఏం పూసినవన్నదే ముఖ్యం. అరచేతి చర్మం మందం, మందు లోపలికి కష్టంగ పోతది, అందుకే దానికి గట్టి మందు రాస్తరు. అదే మందు ముఖం మీద శానా ఎక్కువ ఇంకుతది. ముఖానికి మామూలుగ హైడ్రోకార్టిసోన్ లాంటి తక్కువ పవర్‌ది, అది కూడా కొద్దిరోజులే రాస్తరు. కంటి రెప్పలకు, కంటి చుట్టూ డాక్టర్ చెప్తే తప్ప అస్సలు వద్దు, కంట్ల ప్రెషర్ పెరుగుతది. మెడికల్ షాపుల అడిగి తెచ్చుకొని నెలల తరబడి ముఖానికి పూసినోళ్లను చూసిన, మొదట తెల్లగ, నున్నగ అయితది, తర్వాత ఎర్రటి సన్న నరాలు తేలతయి, మొటిమలు వస్తయి, ఎండకు పోతే మంట, ఆపితే ఇంకా ఎక్కువ మంట.

ఇంకొకటి, గుండ్రంగ అంచు లేచి నడుమ చర్మం మంచిగ కనిపిస్తే అది ఫంగస్‌తోని వచ్చే తామర కావచ్చు, దానికి స్టెరాయిడ్ పూయొద్దు. దురద తగ్గినట్టే ఉంటది, అంచు మాయమైతది, లోపల మాత్రం పాకుతనే ఉంటది, తర్వాత డాక్టర్‌కు కూడా గుర్తుపట్టుడు కష్టమైతది.

చేతుల మీద దురద పోయి, చర్మం చదునుగ అయిందంటే డాక్టర్ చెప్పిన తీరుగ తగ్గించుకుంట ఆపు. రెండు వారాలు ఈ లెక్కన పూసినా తగ్గకపోతే ఇంకో ట్యూబ్ కొనకుండ మళ్ల చూపించు. పిల్లగానికి మందు రాయించినప్పుడు ఆ ట్యూబ్ మీద వాని పేరు, ఎక్కడ పూయాలనో పెన్నుతోని రాసిపెట్టు, మీ అత్తమ్మ చీకట్ల నీదే తీసి వానికి పూయకుండ.

మీ పెద్దమ్మ