వీడియోలో కరెంటు స్తంభం చెరిపితే అతుకు ఎందుకు కనిపిస్తుంది?

స్తంభం మీద పక్కనున్న ఆకాశం ముక్క అతికించాను. కెమెరా కదలగానే ముక్క జారిపోతోంది. ఎందుకు?

వీడియోలో ఒక చోటి కదలికను వెంబడించే ట్రాకర్‌ను ఖాళీ ఆకాశం మీద పెట్టి ఉంటారు. దాన్ని స్తంభం మీద పెట్టి, ముక్కను ఆ కదలికకు కట్టండి. ట్రాకర్ పట్టు దొరికే గుర్తు కోసం వెతుకుతుంది. నీలి ఆకాశంలో అలాంటిదేమీ ఉండదు. తీగ కూడా పనికిరాదు, పొడవునా ఒకేలా ఉంటుంది కాబట్టి ట్రాకర్ దాని వెంబడి జారిపోతుంది. స్తంభం కొసన పింగాణీ బిళ్ల ఉన్న మూల అయితే గట్టిగా నిలుస్తుంది.

ఉదాహరణకు, స్తంభం 40 పిక్సెళ్ల వెడల్పు ఉందనుకుందాం. అదే ఎత్తులో 60 పిక్సెళ్లు కుడికి జరిగి ముక్క తీసుకోండి, అంచులు కాస్త మెత్తబరచండి. పైనుంచి తీస్తే మాత్రం ముదురు పట్టీ కనిపిస్తుంది, ఎందుకంటే ఆకాశం పైకి వెళ్లేకొద్దీ ముదురుతుంది. స్తంభం వెనక చెట్లున్న చోట ఈ పద్ధతి నడవదు.

ఒక్క ఫ్రేమ్‌లోని ముక్కను షాట్ అంతా వాడితే చాలని చాలామంది అనుకుంటారు. 200% జూమ్ చేసి ప్లే చేయండి: చుట్టూ గ్రెయిన్ అనే సన్నని చుక్కలు మిణుకుమంటుంటే ముక్క మాత్రం బిగుసుకుపోయి ఉంటుంది. ఏ ఫ్రేమ్‌కు ఆ ఫ్రేమ్‌లోని ఆకాశాన్నే వాడాలి.