కో-వర్కింగ్ స్పేస్‌కు 'కొలువు' అని పేరు పెట్టవచ్చా?

సందేహం: ఫ్రీలాన్సర్ల కోసం కో-వర్కింగ్ స్పేస్ మొదలుపెడుతున్నాం. 'మన గూడు' అందామంటే హాస్టల్‌లా ఉందంటున్నారు. 'కొలువు' నాకు నచ్చింది. పేరులో ఆత్మీయత ఉండాలి, క్లయింట్ల ముందు చులకన కాకూడదు. ఏది మేలు?

సమాధానం: 'కొలువు' హుందా అయిన మాటే. కొలువుతీరారు అంటే నిండుసభ కళ్లముందు మెదులుతుంది. కానీ ఇవాళ పత్రికల్లో 'కొలువుల భర్తీ' అంటే ఉద్యోగాల భర్తీ. ఆ మాట పుట్టింది కూడా కొలుచు, అంటే సేవించు అనే క్రియ నుంచే. ఒకరి దగ్గర కొలువు వద్దనుకుని బయటికొచ్చినవాళ్లకు ఆ బోర్డు కింద కూర్చోవడం ఏం బాగుంటుంది? పైగా ఉద్యోగాలు ఇప్పించే ఆఫీసనుకుని బయోడేటాలతో వచ్చేవాళ్లూ ఉంటారు.

'మన గూడు'లో అసలు చిక్కు గూడు కన్నా 'మన'తోనే ఎక్కువ. తెలుగులో 'మా' వినేవారిని బయట ఉంచుతుంది, 'మన' లోపలికి కలుపుకుంటుంది. సభ్యులు తమలో తాము 'మన గూడు' అనుకుంటే ముచ్చటగానే ఉంటుంది. అదే సభ్యురాలు కొత్త క్లయింటుకు ఫోన్ చేసి "రేపు పదకొండింటికి మన గూట్లో కలుద్దామండీ" అంటే, ఇంకా బేరమైనా కుదరని మనిషిని చుట్టరికంలోకి లాగినట్టుంటుంది. 'మా గూట్లో' అందామంటే బోర్డు మీది పేరే మారిపోతుంది.

ఆ వాక్యంలోనే రెండో ఇబ్బందీ ఉంది. బోర్డు మీద గూడు, నోట్లో గూట్లో. ఇల్లు ఇంట్లో అయినట్టు, వాకిలి వాకిట్లో అయినట్టు, కొన్ని మాటలకు విభక్తి చేరగానే రూపం మారుతుంది. ఫోన్లో 'గూట్లో' అని విన్న మనిషి మ్యాప్‌లో ఏమని వెతకాలి? 'లోగిలి' అనే మాట చాలామందికి ఇష్టం, నాకూ ఇష్టమే. దానికీ లోగిట్లో అనే రూపం ఉంది. 'లోగిలిలో' అంటే నాలుక తడబడుతుంది. Logili అని రాస్తే తెలుగు రానివాళ్లు 'లాజిలి' అని చదివినా ఆశ్చర్యం లేదు.

నన్నడిగితే 'నెలవు' అంటాను. ఉండేచోటు, స్థానం అని దాని అర్థం. 'కళలకు నెలవు' అన్నప్పుడు అందులో ఆదరమూ ఉంది, గౌరవమూ ఉంది. నెలవులో, నెలవుకు, నెలవు నుంచి: ఎలా వాడినా రూపం చెదరదు. Nelavu అని రాసినా పెద్దగా తప్పు చదవరు. కింద చిన్న అక్షరాలతో 'స్వతంత్ర నిపుణుల కో-వర్కింగ్ స్పేస్' అని రాయించండి. వెతికేవాళ్లు టైప్ చేసేది కో-వర్కింగ్ అనే కాబట్టి దాన్ని తెలుగు చేయాలన్న పట్టుదల వద్దు. 'స్వేచ్ఛా కార్మికులు' మాత్రం దయచేసి వద్దు, అది వేరే బోర్డు.

దీనికీ ఒక లోపముంది. ఫోన్లో సరిగా వినబడకపోతే నెలవు కాస్తా సెలవైపోతుంది! అందుకని ఫోన్ ఎత్తేవాళ్లను 'నెలవు కో-వర్కింగ్' అని రెండు మాటలూ కలిపి చెప్పమనండి.